లేబుల్ వెనక అంగుళంన్నర గుడ్డ

ప్రశ్న: అక్కా, హనుమకొండలో నాలుగేళ్ల నుంచి లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కటింగ్ నాదే, కుట్టడానికి ఇద్దరు ఉన్నారు. ఎక్కువగా బ్లౌజులే. "వెనక ఎంత డీప్ పెట్టినా నీ దగ్గర భుజం జారదు" అని కాజీపేట నుంచి, ములుగు రోడ్డు నుంచి కూడా వస్తారు. ఈ మధ్య మా లైన్‌లోనే ఒక బొటిక్ పెట్టారు. వాళ్లు లేబుల్, ట్యాగ్, కవర్ అన్నీ పేరు వేసి ఇస్తుంటే మాది మామూలు షాపులా కనిపిస్తోంది. కాకతీయ తోరణం బొమ్మతో వెయ్యి లేబుళ్లు చేయిద్దామని కొటేషన్ తెచ్చుకున్నాను. బోర్డు మీద "ఫిట్టింగ్ గ్యారంటీ, ఆల్టరేషన్ ఫ్రీ" అని రాయిద్దామంటున్నారు మా ఆయన. ఫ్రీ అంటే అందరూ తెచ్చి పడేస్తారేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

చెల్లె, ముందు ఆ వెయ్యి లేబుళ్ల ఆర్డర్ ఆపు. బోర్డు కూడా ఒక నెల ఆగనీ. రెండూ చేయిద్దువు గానీ, వాటి మీద ఏం రాయాలో తేలాల్సింది నీ కటింగ్ టేబుల్ దగ్గర.

నీ షాపుకు బ్రాండ్ లేదని అనుకుంటున్నావు. కస్టమర్లే పెట్టేశారు కదా, "భుజం జారదు" అని. కాజీపేట నుంచి ఆటో ఎక్కి వచ్చేది ఆ ఒక్క మాట కోసమే. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ భుజం నువ్వు దగ్గరుండి చూసిన బ్లౌజుల్లోనే నిలుస్తోందా, బతుకమ్మ సీజన్‌లో రాత్రి పదకొండింటికి నీ దగ్గరి అమ్మాయి కుట్టిన బ్లౌజులో కూడా నిలుస్తోందా? రెండోది కాకపోతే లేబుల్ వేసి నష్టమే. పేరు లేని బ్లౌజు జారితే ఎవరు కుట్టారో మర్చిపోతారు. పేరున్న బ్లౌజు జారితే గుర్తు పెట్టుకుంటారు.

భుజం ఎందుకు జారుతుందో నీకు తెలుసు. నీ చేతికి తెలిసింది వాళ్ల చెవిన కూడా పడాలని రాస్తున్నాను. వెనక మెడ లోతు పెరిగేకొద్దీ రెండు భుజాలనూ పట్టి ఉంచే గుడ్డ తగ్గిపోతుంది. అందుకే అయిదంగుళాల లోతులో బాగానే ఉన్న మెడ వెడల్పు, తొమ్మిది అంగుళాల లోతుకు వెళ్లేసరికి ఎక్కువైపోతుంది. దానికి తోడు మెడ వంపులో గుడ్డ ఏటవాలుగా తెగుతుంది కాబట్టి ఆ అంచు సాగుతుంది. మిషన్ కింద కొంచెం సాగుతుంది, ఒంటి మీదికి వచ్చాక ఇంకొంచెం. కాబట్టి కటింగ్‌లో లోతు పెరిగినప్పుడు వెడల్పు తగ్గించాలి. కుట్టులో మెడ అంచుకు లోపలి వైపు, నిలువు పోగు మీద కోసిన సన్నటి కాటన్ పట్టీ వేసి బిగించాలి. పట్టీ అర అంగుళం కన్నా సన్నగా ఉంటేనే వంపు తిరుగుతుంది. మెడ చుట్టు కన్నా పావు అంగుళం తక్కువ పొడవు తీసుకుంటే సాగిన అంచు వెనక్కి వస్తుంది. డోరీ కట్టి భుజాన్ని ఆపడం వేరే సంగతి. డోరీ వదులైన రోజు అసలు రంగు బయటపడుతుంది.

నువ్వు ఏ లోతుకు ఎంత వెడల్పు తగ్గిస్తావో నాకు తెలియదు, ఒక్కో చెయ్యి ఒక్కోలా ఉంటుంది. కానీ అది నీ చేతిలో ఉండిపోకూడదు. ఒక అట్ట మీద రాసి కటింగ్ టేబుల్ పక్కన గోడకు తగిలించు. అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు అంగుళాల లోతులకు వెడల్పు ఎంతో, పట్టీ ఎంతో రాసి పెట్టు. నీ స్టైల్ అంటే ఆ అట్టే.

ఇక ఆ పట్టీ ఎలాగూ ప్రతి బ్లౌజులో వేస్తావు కాబట్టి దాన్నే గుర్తుగా మార్చుకో. బ్లౌజు ఏ రంగైనా సరే, మెడ లోపలి పట్టీ మాత్రం ఎప్పుడూ ఒకే రంగులో వెయ్యి. బీరువాలో ఇరవై బ్లౌజులు మడత పెట్టి ఉన్నా లోపలి రంగు చూసి "ఇది అక్కడ కుట్టించింది" అని తీస్తారు. లేబుల్ కన్నా ముందు పని చేసేది అదే. రంగు ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. మెరూన్, ముదురు నీలం, ఎరుపు చూడ్డానికి బాగుంటాయి కానీ చెమట తగిలితే దిగే రకాలు ఉంటాయి. తాను కొనే ముందు చిన్న ముక్క తెచ్చి తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి, పైన వేడి ఇస్త్రీ పెట్టె అర నిమిషం నొక్కి చూడు. తెల్లగుడ్డకు లేశమైనా రంగు అంటితే దాన్ని మర్చిపో. క్రీమ్ పట్టు బ్లౌజు మెడ దగ్గర మెరూన్ మరక పడితే ఏ ఆల్టరేషనూ కాపాడలేదు.

లేబుల్ సంగతికి వస్తాను. నేను మొదటిసారి చేయించినప్పుడు చేసిన తప్పు చెబుతాను. రెండంగుళాల వెడల్పు, చుట్టూ డిజైన్, మధ్యలో షాపు పేరు, కింద ఫోన్ నంబరు. చేతిలో పట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉండేదో! దాన్ని మెడ వెనక కుట్టాను. పది రోజుల్లో ముగ్గురు అదే మాట అన్నారు, "అక్కా, వెనక గుచ్చుకుంటోంది, కత్తెరతో తీసేశాను" అని. లేబుళ్లను వేడితో కోస్తారు కదా, ఆ కోసిన అంచు గట్టిపడి చర్మానికి గీసుకుంటుంది. రెండు చివరలూ లోపలికి మడిచిన రకం అడగాలని నాకప్పుడు తెలియదు. మిగిలినవన్నీ డబ్బాలో ఉండిపోయాయి, ఫోన్ నంబరు మారాక అవి కూడా పనికిరాకుండా పోయాయి.

నీ కేసులో ఇంకో చిక్కు ఉంది. నీ దగ్గరికి వచ్చేవాళ్లంతా డీప్ నెక్ వాళ్లే. తొమ్మిది అంగుళాల లోతు పెట్టాక లేబుల్ కుట్టడానికి మెడ వెనక గుడ్డ ఎక్కడుంది? నడుము పట్టీకి పైన, వీపు మధ్యలో లోపలి వైపు వెయ్యి. లేదా ఎడమ పక్క కుట్టులో మడిచి దూర్చు. వీపు మీద వేసేటట్టయితే లైనింగ్‌ను పట్టుకు కలపకముందే, లైనింగ్ మీద మాత్రమే కుట్టాలి. తర్వాత కుడితే సూది పట్టులోకి దిగి బయట నాలుగు మూలలా చుక్కలు కనిపిస్తాయి. కుట్టే అమ్మాయికి ఇది వరసలో మొదటి పనిగా అలవాటు చేయకపోతే హడావుడిలో చివరికి మిగిలిపోతుంది, అప్పుడు పైనుంచే కుట్టేస్తారు.

సైజు అంగుళం కన్నా పెద్దది వద్దు. నేత లేబుల్‌లో అంత చిన్న జాగాలో తోరణం బొమ్మ వేస్తే స్తంభాల మీది సన్నటి గీతలన్నీ కలిసిపోయి, దూరం నుంచి చూస్తే కుర్చీలా కనిపిస్తుంది. అసలు తోరణం గురించి ఒక మాట. మన దగ్గర టీ కొట్టు నుంచి ట్యూషన్ సెంటర్ దాకా ఎవరి బోర్డు మీద లేదు చెప్పు? తెలంగాణ రాజముద్రలోనూ ఉన్నది అదే. ఊరిని గుర్తు చేస్తుంది, నిన్ను గుర్తు చేయదు. "కాకతీయ" అన్న పేరుకూ ఇదే వర్తిస్తుంది. నీ పేరో, మీ అమ్మ పేరో, ఇంటి పిలుపో పెట్టుకుని రెండు మూడు అక్షరాల్లో తెలుగులో రాయించు. పెద్ద అక్షరాలు నేతలో తెగకుండా వస్తాయి. ఫోన్ నంబరు లేబుల్ మీద వద్దు, ట్యాగ్ మీద చాలు. ఇంకొకటి, పేరు కింద "కుట్టినది" అని మాత్రమే రాయించు. గుడ్డ నీది కాదు. పోచంపల్లి ఇక్కత్ తెచ్చేవాళ్లు ఉంటారు, గద్వాల తెచ్చేవాళ్లు ఉంటారు. నీ లేబుల్ మాట్లాడాల్సింది నీ కుట్టు గురించే.

లేబుల్ కింద ఒక చిన్న తెల్ల కాటన్ టేపు ముక్క కుట్టి, దాని మీద చెరగని పెన్నుతో బిల్లు నంబరు రాయి. పైన ఒకసారి ఇస్త్రీ పెట్టి, ఒక ముక్కను వారం రోజులు ఉతికి చూసి పెన్ను ఎంచుకో. వెనకటికి బట్టలు ఉతికేవాళ్లు నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్లు, గుడ్డ చిరిగినా ఆ గుర్తు పోయేది కాదు. వందిళ్ల బట్టల్లో ఎవరిది ఎవరికో తప్పకుండా చేరేది. నీకు కావాల్సింది అదే. రెండేళ్ల తర్వాత ఒక బ్లౌజు నీ చేతికి వస్తే, అది ఎప్పుడు, ఏ కొలతకు, ఎవరు కుట్టారో ఒక్క నిమిషంలో తెలియాలి. లేబుల్ కస్టమర్ కోసం, ఈ టేపు నీ కోసం.

ఆ నంబరు ఎందుకో ఒక బ్లౌజు కథతో చెబుతాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ మా దగ్గర క్రీమ్ పట్టు బ్లౌజు కుట్టించుకున్నారు. ఒంటి ఛాతీ కొలత 36. అంగుళంన్నర వదులు కలిపి 37న్నరకు కుట్టాం. మొదటిసారి బాగా ఉంది, ఒకసారి ఇంట్లోనే చల్లనీళ్లలో జాడించి ఆరేశారు, రెండోసారి హుక్కులు పట్టలేదు. షాపుకు వచ్చి, "నేనేం లావు కాలేదు, మీరే టైట్ కుట్టారు" అన్నారు. ఇలాంటప్పుడు మనలో చాలామంది "మీరే కొంచెం ఒళ్లు చేశారు మేడమ్" అని నవ్వేస్తాం. ఆ నవ్వుతో ఒక కస్టమర్ పోతుంది.

అదృష్టం కొద్దీ మా పుస్తకంలో ఒంటి కొలతతో పాటు, కుట్టాక బ్లౌజును టేబుల్ మీద పరిచి తీసిన కొలత కూడా రాసి ఉంది. నంబరు చూసి పేజీ తీశాను. డెలివరీ రోజు ఛాతీ చుట్టు 37న్నర. ఇప్పుడు టేపు పెడితే 36 మీద పావు. బ్లౌజే అంగుళం పావు తగ్గింది. లోపల చూస్తే లైనింగ్ గీసినట్టు బిగుసుకుని, పట్టు పైన చిన్న చిన్న ముడతలు. లైనింగ్ ముడుచుకుందని అప్పుడు అర్థమైంది. తప్పు మాదే. బ్లౌజు కొలత పుస్తకంలో ఉన్నట్టే ఉండి టైట్ అయితే ఒళ్లు మారిందని అర్థం. ఆ తేడా తెలియాలంటే కుట్టాక తీసిన కొలత ఉండి తీరాలి. రెండు నిమిషాల పని, రాయనివాళ్లే ఎక్కువ.

సరిచేయడం ఎలా అంటే, పక్క కుట్లు విప్పి పట్టును ఉన్నచోటే ఉంచి, లైనింగ్‌ను మాత్రం బయటికి జరిపాం. పక్కలకు నాలుగు పొరలు ఉంటాయి కదా, ముందు రెండు, వెనక రెండు. అంగుళం పావును వాటికి పంచితే ఒక్కోదానికి పావు అంగుళానికి కాస్త ఎక్కువ. పట్టు కుట్టు జరగలేదు కాబట్టి పాత సూది రంధ్రాలు బయటపడలేదు. పక్కల ముడతలు పోయాయి. డాట్స్ దగ్గర లైనింగ్, పట్టు కలిపే కుట్టాం కాబట్టి అక్కడి ముడతలు మాత్రం పూర్తిగా పోలేదు, ఆ మాట ఆవిడకు ముందే చెప్పాను. అప్పటి నుంచి లైనింగ్ తాను రాగానే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర. కొత్త తాను అయితే ముందు పది అంగుళాల చదరం ముక్క కోసి, తడిపి, ఆరాక కొలిచి చూస్తాం. పదికి తొమ్మిది ముప్పావు కన్నా తగ్గితే ఆ తాను వెనక్కి.

ఇప్పుడు ఫిట్టింగ్ గ్యారంటీ సంగతి. ఆ మాటకు కొలత లేదు, అందుకే దానితో చిక్కు. కస్టమర్ దృష్టిలో అది "ఎప్పటికైనా సరిపోతుంది" అని. నీ దృష్టిలో "డెలివరీ రోజు సరిపోతుంది" అని. డబ్బు తీసుకుని కుట్టి ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం లెక్కలో సేవే అవుతుంది కాబట్టి బోర్డు మీద రాసింది రేపు నీకే చూపిస్తారు. మాట ఎంత వరకు ఇవ్వగలవు అంటే, లోపల ఎంత గుడ్డ వదిలావో అంత వరకు.

లెక్క చూడు. పక్క కుట్టు బయట ఒక్కో పొరకు అంగుళంన్నర మార్జిన్ వదిలావనుకో. అందులో అర అంగుళం ఎప్పటికీ కుట్టుకు ఉండాలి, లేకపోతే పట్టు పోగులు జారి కుట్టు ఊడుతుంది. మిగిలింది అంగుళం. నాలుగు పొరలకు నాలుగు అంగుళాలు పెరుగుతుంది. కానీ పక్క వదిలితే చంక కూడా పెద్దదవుతుంది, చెయ్యి దానికి తగ్గట్టు వదలాలి. చేతికి ఒక్కో పొరకు అంగుళమే మార్జిన్ ఉంటుంది, అందులో అర అంగుళమే వాడుకోగలం. అంటే చెయ్యి ఒక అంగుళమే లూజవుతుంది. నాలుగు అంగుళాలు ఛాతీలో వదిలి చెయ్యి అంగుళమే పెరిగితే చంక కింద గుడ్డ మడతలు పడి పీక్కుపోతుంది. అందుకే నాలుగు వచ్చే చోట రెండు అంగుళాలకే మాట ఇవ్వు. అదీ అన్ని బ్లౌజులకూ కాదు. చీరలో వచ్చే ముక్క చాలాసార్లు 80 సెంటీమీటర్లే. ఛాతీ 42 ఉండి మోచేతి వరకు చెయ్యి అడిగితే అంగుళంన్నర ఎక్కడి నుంచి తెస్తావు? కటింగ్ చేసేటప్పుడే ఎంత మిగిలిందో చూసి, ట్యాగ్ మీద ఆ బ్లౌజుకు ఉన్న మార్జిన్ చేత్తో రాయి.

మనవాళ్లు పక్కలకు వరసగా రెండు మూడు కుట్లు వేసి ఇస్తారు, లావైతే లోపలి కుట్టు ఇంట్లోనే విప్పుకోమని. కాటన్‌కు అది మంచి పద్ధతే. టిష్యూ, ఆర్గంజా, సాటిన్ లాంటి వాటికి మాత్రం విప్పిన చోట సూది రంధ్రాల గీత అలాగే కనిపిస్తుంది. వాటికి చివరి కుట్టు వేసే ముందు ఒకసారి ఒంటికి వేసి చూడటం తప్ప దారి లేదు. మగ్గం వర్క్ బ్లౌజులకు అయితే ఇంకా ముందే చూడాలి, ఎందుకంటే వర్క్ అయ్యాక గుడ్డను ఇటూ అటూ జరపలేం. లైనింగ్ గుడ్డతో ఒక నమూనా జాకెట్టు కుట్టి, తొడిగి చూసి, సరిచేసిన నమూనాను విప్పి దాని ప్రకారం మగ్గానికి గీత గీసి ఇవ్వు. పక్క కుట్టుకు అంగుళంన్నర దూరం వరకు పూసలు, చమ్కీలు వేయొద్దని మగ్గం వాళ్లకు చెప్పు. ఆ నమూనాను పేపర్ మీద దించుకుని, కస్టమర్ నంబరు వేసి దాచు. కొన్ని నెలల తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "నా కొలతకే ఇంకోటి" అంటే గుడ్డ వస్తే చాలు. కొలత తీసి ఆరు నెలలు దాటితే మాత్రం మళ్లీ అడుగు.

ఆది జాకెట్టు తెచ్చేవాళ్లతో ఇంకో తంటా. "దీనిలాగే కుట్టండి" అంటారు. ఆ ఆది ఎప్పటిదో, ఎన్నిసార్లు విప్పిందో, ఉతికి సాగిందో మనకు తెలియదు. ఆది కొలతా, ఒంటి కొలతా రెండూ తీసుకో. రెంటి మధ్య తేడా ఉండాల్సిన వదులు కన్నా ఎక్కువో తక్కువో కనిపిస్తే అక్కడే ఆవిడకు చూపించి, ఏది కావాలో అడిగి రాసుకో. ఒంటి కొలత ఇవ్వను, ఆదే అంటే బిల్లు మీద "ఆది ప్రకారం" అని రాయి. అప్పుడు నీ మాట ఆదితో సరిపోవడం వరకే.

ఫ్రీ ఆల్టరేషన్‌కు భయపడుతున్నావు కదా, లెక్క వేసి చూద్దాం. నెలకు 80 బ్లౌజులు కుట్టావు, వాటిలో 16 తిరిగి వచ్చాయనుకో. ఒక్కోదానికి అరగంట అయితే మొత్తం 8 గంటలు, అంటే ఒక మనిషి ఒక రోజు పని. ఆ రోజు ఆ మిషన్ మీద 800 రూపాయల పని ఆగిందనుకుంటే, 80 బ్లౌజులకు పంచితే బ్లౌజుకు 10 రూపాయలు. కుట్టుకూలిలో ఆ పది కలుపుకో. నిన్ను ముంచేది ఆ పది కాదు, సద్దుల బతుకమ్మకు ముందు మూడు రోజుల్లో ఆ పదహారూ ఒకేసారి రావడం. కాబట్టి వేళ పెట్టు. పొద్దున 11 నుంచి 1 వరకు ఆల్టరేషన్ మాత్రమే, ఒక మిషన్ దానికే. పండగ బ్లౌజులు పండగకు కనీసం వారం ముందే ఇచ్చెయ్యి, ముందు రోజు ఇచ్చిన బ్లౌజుకు ఎవరూ ట్రయల్ చూడరు.

గడువు చాలా చోట్ల నెల రోజులు పెడతారు. మన దగ్గర అది దండగ. శ్రావణంలో కుట్టించి దసరాకు కట్టేవాళ్లకు నెల గడువు అంటే ఏమీ లేనట్టే. మూడు నెలలు పెట్టు. బ్లౌజు పుస్తకంలోని కొలతకు తేడాగా ఉంటే ఎప్పుడు తెచ్చినా నీ ఖర్చే. ఒళ్లు మారితే మూడు నెలల్లో ఒకసారి ఫ్రీ, తర్వాత రేటు రాసి పెట్టు. మెడ లోతు తగ్గించడం, భుజం పెంచడం కుదరదని ముందే చెప్పు, తెగిన గుడ్డ తిరిగి రాదు. కుట్టు పొరపాటుతో గుడ్డే పాడైతే కుట్టుకూలి వాపసు అని రాయి. పదివేల చీర ముక్కకు ఏం ఇస్తావన్నది ముందే కస్టమర్‌తో మాట్లాడుకుని బిల్లు మీద రాయాల్సిన విషయం, బోర్డు మీద కాదు.

తిరిగి వచ్చిన ప్రతి బ్లౌజుకూ ఒక గీత రాసుకో. నంబరు, ఎక్కడ, ఎంత, ఎవరు కుట్టారు, ఏ తాను లైనింగ్. రెండు నెలలయ్యాక ఆ పేజీ చదువు. చంక దగ్గరే వరసగా వస్తుంటే నీ కటింగ్‌లో ఉంది. ఒకరి చేతి కుట్టే వస్తుంటే ఆ అమ్మాయితో కూర్చుని చూడాలి. ఒకే తాను అయితే కొట్టువాడితో మాట్లాడాలి.

ఇక ట్యాగ్. దాని మీద పెద్ద కవిత్వం వద్దు. నేనైతే ఇలా రాయిస్తాను:

"బిల్లు నంబరు ____. కుట్టినది ____. లోపలి మార్జిన్ ____ అంగుళాలు. ఛాతీ ____ అంగుళాల వరకు వదులు చేయవచ్చు. మెడ లోతు, భుజం మార్చలేము. తేదీ ____ వరకు ఒకసారి ఆల్టరేషన్ ఉచితం, పొద్దున 11 నుంచి 1 వరకు. లైనింగ్ ముందే తడిపి ఆరేసినది."

చివరి వాక్యం చదివిన కస్టమర్ పక్క షాపులో "మీరు తడుపుతారా?" అని అడుగుతుంది. ట్యాగును పిన్నుతో పట్టుకు గుచ్చకు. తుప్పు మరక, రంధ్రం రెండూ మిగులుతాయి. దారం కట్టి హుక్కుకు తగిలించు. ప్లాస్టిక్ కవర్ బదులు మిగిలిన లైనింగ్ ముక్కలతో చిన్న సంచి కుట్టి ఇస్తే బీరువాలో కూడా దానిలోనే పెట్టుకుంటారు.

పేరు రిజిస్టర్ చేయించడం గురించి రెండు మాటలు. కుట్టు పని ట్రేడ్‌మార్క్ లెక్కలో 40వ తరగతి. రేపు రెడీమేడ్ బ్లౌజులు అమ్మితే 25వ తరగతి కూడా కావాలి. వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ప్రభుత్వ ఫీజు ఒక తరగతికి 4,500 రూపాయలు. రిజిస్టరైతే పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. సర్టిఫికెట్ రాకముందు పేరు పక్కన వృత్తంలో ఆర్ గుర్తు వేయకు, అది చట్టప్రకారం నేరం. టీఎం అని వేసుకోవచ్చు. తొందరేం లేదు, ముందు పేరు ఖాయం చేసుకో.

వరస ఇలా పెట్టుకో. ఈ నెల గోడ మీద అట్ట, పట్టీ రంగు, కొలతల పుస్తకం. వచ్చే నెల లేబుళ్లు, వాళ్లు కనీసం ఎన్ని చేసిస్తామంటే అన్నే, చివరలు మడిచినవి. మొదటి లేబుల్ నీ సొంత బ్లౌజుకు కుట్టి, జూన్ ఎండల్లో ఒక పూట తొడుక్కుని షాపులో కూర్చో. వీపు గోక్కోకుండా ఉంటేనే మిగతావి.

ఆల్టరేషన్ బోర్డు పెట్టాక వేరే షాపులో కుట్టించినవి కూడా వస్తాయి. చెయ్యి, డబ్బులు తీసుకుని చెయ్యి. "మీ లేబుల్ కూడా వేసివ్వండి, బాగుంది" అని అడిగేవాళ్లు ఉంటారు, నన్ను అడిగారు. వాటికి మాత్రం వేయకు. లోపల మార్జిన్ ఎంత ఉందో, లైనింగ్ తడిపారో లేదో నీకు తెలియదు కదా.